విదేశానికి వెళ్తున్న గేమింగ్ మిత్రుడికి వీడ్కోలు ప్రసంగం: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిపూట కలిసి డోటా 2 ఆడే ఒక తెలుగు బృందంలో నేనూ ఒకణ్ని. గత ఆరేళ్లలో మాలో ముగ్గురు విదేశాలకు వెళ్లారు. వాళ్ల స్థానాల్లో కొత్తవాళ్లు చేరారు గానీ, మూడు వీడ్కోలు సభల్లోనూ మాట్లాడే పని మాత్రం నా మీదే పడింది. మొదటి ప్రసంగాన్ని పూర్తిగా చెడగొట్టాను, రెండోది ఎలాగో గట్టెక్కింది, మూడోది కుదిరింది. ఆ తరువాత నుంచి తమ స్నేహితుడి వీడ్కోలుకు ఏం మాట్లాడాలని అడిగినవాళ్లకు విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులు ఇవి. ఉదాహరణలు చాలావరకు మూడో సభ నుంచి తీసుకున్నవే. మారతహళ్లిలో ఒక ఆంధ్రా భోజనశాల మేడ మీది గది, ఇరవై ఎనిమిది మంది అతిథులు, మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చిన మా మిత్రుడు, అనంతపురం నుంచి వచ్చిన వాళ్ల అమ్మానాన్నలు.

ప్రసంగం ఎంతసేపు ఉండాలి?

నాలుగు నిమిషాలు చాలు. ఐదు దాటకూడదు. నేను గడియారం పెట్టుకుని చదివి చూసుకున్నప్పుడు, మధ్యలో నవ్వులకూ చప్పట్లకూ ఆగుతూ పోతే నిమిషానికి ఎనభై నుంచి తొంభై తెలుగు మాటలు వచ్చాయి. ఆ లెక్కన కాగితం మీద మూడు వందల యాభై మాటలకు మించి ఉండకూడదు. నా మొదటి ప్రసంగం పదకొండు నిమిషాలు సాగింది. ఏడో నిమిషం దగ్గర మిత్రుడి బాబాయి లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లారు, ఆయన వెనుకే మరో నలుగురు వెళ్లారు.

ఆట తెలియనివాళ్లే ఎక్కువమంది ఉన్నారు. ఆట సంగతులు చెప్పాలా, మానేయాలా?

చెప్పాలి. మీరు అతనికి ఆట వల్లే పరిచయం కాబట్టి, దాన్ని దాటవేసి "మంచివాడు, అందరికీ సాయం చేస్తాడు" అని మాట్లాడితే ఆఫీసు సహోద్యోగి చెప్పేదానికీ మీరు చెప్పేదానికీ తేడా ఉండదు. అయితే ఆటలో అతను చేసే పని ఒక్కటి మాత్రమే చెప్పాలి, దాన్ని వాళ్ల అమ్మగారు కళ్లకు కట్టినట్లు చూడగలిగేలా చెప్పాలి.

మా మిత్రుడి విషయంలో ఆ పని వార్డులు పెట్టడం. డోటాలో ఒక్కో వైపు ఐదుగురు ఉంటారు. మన మనుషులు నిలబడిన చోటు చుట్టూ తప్ప మిగిలిన మ్యాప్ అంతా చీకటిగా ఉంటుంది, ప్రత్యర్థులు ఎటు నుంచి వస్తున్నారో కనిపించదు. అందుకని జట్టులో సపోర్ట్ ఆడేవాడు ఎవరికీ కనిపించకుండా వెళ్లి, అబ్జర్వర్ వార్డు అనే చిన్న కర్రలాంటి వస్తువును పాతి వస్తాడు. అది ఆరు నిమిషాలు నిలుస్తుంది. ఆ సేపంతా దాని చుట్టుపక్కల జరిగేది మనవాళ్లు ఐదుగురికీ కనిపిస్తుంది. వార్డు పెట్టడానికి ఒంటరిగా వెళ్లినవాడు తరచుగా దొరికిపోయి దెబ్బలు తింటాడు, పేరు మాత్రం వెలుగులో చూసి కొట్టినవాడికి వస్తుంది. ఇంత సమాచారాన్ని నేను సభలో రెండే వాక్యాల్లో చెప్పాను: "ఆ ఆటలో ఊరంతా చీకటి. ఒకడు ముందుగా వెళ్లి దీపం పెట్టి వస్తే మిగిలిన నలుగురం ఆ వెలుతురులో నడుస్తాం." అక్కడ సపోర్ట్ అన్న మాట వాడలేదు, పొజిషన్ ఫైవ్ అన్న మాట అసలు వాడలేదు. వాడి ఉంటే వెనుక బల్ల దగ్గరి మా వాళ్లు నలుగురూ ఈల వేసేవారు, ముందు వరుస మొత్తం వాళ్లవైపు తిరిగి చూసేది.

ఒక ప్రసంగానికి ఒక్క ఆటమాట అని నేను పరిమితి పెట్టుకున్నాను. మాకు అది "వార్డు". వేలరెంట్ ఆడే బృందమైతే పొగ వేసి దారి మూసేవాడి పని చెప్పవచ్చు, బీజీఎంఐ ఆడేవాళ్లయితే పడిపోయినవాణ్ని కాల్పుల మధ్య లేపడానికి వచ్చేవాడి గురించి చెప్పవచ్చు. మీ మిత్రుడు ఎప్పుడూ ముందుకు దూకి గెలిపించేవాడే అయితే నిజానికి మీ పని కష్టం. ఎందుకంటే ఎక్కువమందిని కొట్టాడని చెబితే ఆట తెలియనివారికి అందులో కనిపించేదేమీ ఉండదు. అప్పుడు గెలిచే ముందు అతను ఎంతసేపు ఓపిక పట్టాడో, ఎవరి మాట విన్నాడో చెప్పండి.

చెప్పడానికి సంఘటన ఎలా ఎంచుకోవాలి?

నేను పాత మ్యాచ్‌లలో ఏడెనిమిది గుర్తు చేసుకుని రాసుకున్నాను. తరువాత ఒక్కొక్కదానిలో మ్యాప్ పేర్లూ హీరోల పేర్లూ కొట్టేసి చదివి చూశాను. పేర్లు కొట్టేశాక కూడా కథ మిగిలినవి రెండే. మొదట నేను మనసుపడిన మ్యాచ్, ఒకే పోరులో ఐదుగురినీ పడగొట్టిన రాంపేజ్, ఆ పరీక్షకు నిలవలేదు.

నిలిచిన మ్యాచ్ ఇది. మేము దాదాపు ఓడిపోయాం. ప్రత్యర్థులు మా బారక్స్ అనే సైనిక శిబిరాలన్నీ పగలగొట్టడంతో వాళ్ల మెగా క్రీప్స్, అంటే బలం పెరిగిన సైనికులు, మూడు దారుల్లోనూ మా కోట మీదికి వస్తున్నాయి. ఈ దశ నుంచి గెలవడం చాలా అరుదు. ముగ్గురం "జీజీ అనేద్దాం", అంటే ఇక వదిలేద్దాం, అంటున్నాం. మా మిత్రుడు మాత్రం ఏమీ అనకుండా వెళ్లి రోషన్ అనే రాక్షసుడు ఉండే గుహ బయట ఒక వార్డు పాతాడు. కాసేపటికి ప్రత్యర్థులు ఐదుగురూ ఆ గుహలోకి వెళ్లడం మాకు కనిపించింది. అతను తానొక్కడే గుహ ముందుకు వెళ్లి వాళ్లకు ఎదురుపడి, మైకులో "నన్ను వదిలేయండి రా, మీరు వెళ్లి కోట కొట్టండి" అన్నాడు. వాళ్లు అతని మీద పడిన ఆ కొద్ది సేపట్లో మేము నలుగురం వెళ్లి వాళ్ల ఏన్షియెంట్‌ను, అంటే కూలితే ఆట ముగిసే వాళ్ల ప్రధాన కోటను, కూల్చేశాం. ఆట ముగిశాక పట్టికలో అతని పేరు ఎదురుగా 1/14/22 అని ఉంది, అంటే అతను పడగొట్టింది ఒకరిని, తాను పడింది పద్నాలుగుసార్లు, ఇతరులకు తోడ్పడింది ఇరవై రెండుసార్లు.

ఇందులో గుహ ఉంది, ఎర ఉంది, కోట ఉంది. పల్లెలో పెరిగిన పెద్దవాళ్లకు కూడా వివరణ అక్కరలేదు. ఆ పట్టికలోని మూడు అంకెలు సభలో బాగా పనికివచ్చాయి.

ఏ మాటలు నోట రాకూడదు?

మాకు ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఇదే. మన ఆటభాష నిండా చావులే ఉంటాయి. "వాడు చచ్చాడు", "నేను చచ్చా", "మనవాణ్ని లేపేశారు" అని రాత్రికి వందసార్లు అంటాం, అందులో మనకు ఏమీ తోచదు. నాలుగు రోజుల్లో విమానం ఎక్కబోయే కొడుకు గురించి, వాళ్ల అమ్మగారి ఎదుట, మైకులో "పద్నాలుగుసార్లు చచ్చాడు" అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. నా మొదటి ప్రసంగంలో నేను సరిగ్గా అదే చేశాను. ఆ మిత్రుడి నాయనమ్మ, తన పక్కన కూర్చున్న ఆవిడ చేతిని గట్టిగా పట్టుకోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. సభ అయ్యాక ఆ నాయనమ్మ నన్ను పిలిచి, "శుభమా అని వెళ్తుంటే ఆ మాటలేమిటి నాయనా" అన్నారు. ఆవిడ కోపంగా అనలేదు, అందుకే నాకు ఇంకా ఎక్కువ తగిలింది.

మూడోసారి "చావు" అన్న ప్రతి చోటా "పడిపోవడం" అని మార్చుకున్నాను. "పద్నాలుగుసార్లు పడి, పద్నాలుగుసార్లూ లేచాడు" అన్నాను. ఆటలోనూ నిజంగా జరిగేది అదే, పడినవాడు కొంతసేపటికి మళ్లీ లేచి వస్తాడు. "ఆఖరి మ్యాచ్", "చివరిసారి" అన్న మాటల్నీ తీసేసి "ఈ ఊళ్లో ఒకే గదిలో కూర్చుని మొన్న ఆడిన మ్యాచ్" అని రాసుకున్నాను. "వెళ్తున్నాడు" అనాల్సిన చోట కొన్నిసార్లయినా "వెళ్లొస్తాడు" అనండి. మన ఇళ్లలో గుమ్మం దాటేవాళ్లు "వెళ్తాను" అనకుండా "వెళ్లొస్తాను" అంటారన్నది అందరికీ తెలుసు. మైకు చేతికి రాగానే మరిచిపోయేది కూడా దాన్నే.

ఇక రహస్యాల సంగతి. అతను జ్వరమని సెలవు పెట్టి ఆడిన రోజు, తెల్లవారుజాము నాలుగింటి దాకా ఆడి పొద్దున్నే ఆఫీసు సమావేశంలో కునికిన రోజు మీకు తమాషా సంగతులే కావచ్చు. సభలో అతని టీమ్ లీడ్ కూర్చుని ఉంటారు. జీతం అంకె, గ్రాఫిక్స్ కార్డు అసలు ధర, ఇంకా ఇంట్లో చెప్పని ప్రేమ కూడా ఇదే కోవకు వస్తాయి. గ్రాఫిక్స్ కార్డు ధర విషయంలో నాకు స్వయంగా అనుభవం ఉంది. ఇంట్లో చెప్పిన అంకె వేరు, నేను సభలో చెప్పిన అంకె వేరు.

అతని గేమింగ్ పేరు చెప్పవచ్చా?

బూతు కాకపోతే చెప్పండి. మా మిత్రుడి ఆటపేరు "పప్పుచారు". మా బృందంలో సగం మందికి ఏడాది దాకా అతని అసలు పేరు తెలియదు. ఆ సంగతి సభలో చెప్పినప్పుడు వాళ్ల అమ్మగారు, "ఇంట్లో పప్పుచారు పెడితే ముట్టుకోడే!" అని పైకే అన్నారు. ఆ సాయంత్రం మొత్తంలో ఎక్కువ నవ్వు వచ్చింది ఆ మాటకే, అది నా కాగితంలో లేదు. అలాంటి మాట వచ్చినప్పుడు తరువాతి వాక్యానికి పరుగెత్తకండి. నవ్వు పూర్తిగా అణిగేదాకా ఆగండి.

ఏ భాషలో మాట్లాడాలి? సభలో కన్నడిగులూ ఉన్నారు.

అమ్మానాన్నలకు అర్థమయ్యే భాషలోనే ప్రసంగం నడవాలి కాబట్టి తెలుగులో మాట్లాడండి. మా సభలో కన్నడ మాట్లాడే సహోద్యోగులు ఆరుగురూ, తమిళుడైన ఇంటి యజమానీ ఉన్నారు. బెంగళూరులో కొన్నాళ్లు ఉన్నవాళ్లకు తెలుగు కొంత చెవిన పడుతూనే ఉంటుంది, అయినా వాళ్లను వదిలేసినట్లు ఉండకూడదని మొదట్లో ఒక వాక్యం కన్నడలో చెప్పాను: "ఎల్లరిగూ నమస్కార, నన్న కన్నడ స్వల్ప వీక్, క్షమిసి." మ్యాచ్ కథ అయ్యాక దాని సారాన్ని ఇంగ్లీషులో రెండు వాక్యాల్లో చెప్పి మళ్లీ తెలుగులోకి వచ్చాను. ప్రతి వాక్యాన్నీ మూడు భాషల్లో చెప్పబోతే నాలుగు నిమిషాలు పన్నెండు అవుతాయి.

అతని అమ్మానాన్నలను ఏమని పిలవాలి? వాళ్లు మన ఆటకు మొదటి నుంచీ వ్యతిరేకం.

ఇంట్లో ఏమని పిలుస్తారో సభలోనూ అలాగే పిలవండి. నేను "ఆంటీ, అంకుల్" అనే పిలిచేవాణ్ని. మైకు ముందు ఒక్కసారిగా "పూజ్యులైన తల్లిదండ్రులకు" అంటే వాళ్లకే కొత్తగా ఉంటుంది. స్నేహితుణ్ని మాత్రం "మామా", "రా" అనడం తగ్గించి, మొత్తం ప్రసంగంలో ఒక్కసారి, అతనితో నేరుగా మాట్లాడే చోట వాడాను.

వ్యతిరేకతను దాచాల్సిన పని లేదు, వాదించాల్సిన పనీ లేదు. "ఆటల వల్లే ఏకాగ్రత పెరిగి ఉద్యోగం వచ్చింది" అని మా రెండో సభలో ఒక మిత్రుడు అన్నాడు. వాళ్ల నాన్నగారు, "అయితే కాలేజీ ఫీజు ఎందుకు కట్టించుకున్నారు?" అని అడిగారు. ఆయన అడిగినదానిలో న్యాయం ఉంది. అతని ఉద్యోగం అతని చదువు వల్లా పని వల్లా వచ్చింది. ఆట వల్ల అతనికి దొరికింది మనం. ప్రసంగంలో మనం చెప్పుకోగలిగింది కూడా అంతే.

"మళ్లీ కలిసి ఆడుకుందాం" అని మాట ఇవ్వవచ్చా?

ఏ ఆట, ఏ సర్వర్, ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది ముందుగా తేల్చుకుని, నిలబెట్టుకోగలిగిన మాటే ఇవ్వండి. "రోజూ ఆడుకుందాం" అని ఊరికే అనేస్తే, నెల తిరగకుండానే అది జరగదని తెలిసి ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటుంది.

మొదట ఆట సంగతి చూడండి. వేలరెంట్‌లో ఖాతా ఒక ప్రాంతానికి కట్టుబడి ఉంటుంది. అతని ఖాతా యూరప్‌కు మారిపోతే, ఆసియా పసిఫిక్‌లో ఉన్న మీతో ఒకే జట్టుగా ఆడలేడు. డోటా 2లో సర్వర్‌ను మనమే ఎంచుకోవచ్చు కాబట్టి ఆ చిక్కు లేదు, కానీ దూరం ఉంటుంది. బెంగళూరు నుంచి పశ్చిమ యూరప్ సర్వర్‌లో ఆడితే పింగ్, అంటే సంకేతం సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, సాధారణంగా నూట యాభై మిల్లీసెకన్ల చుట్టుపక్కల ఉంటుంది. సపోర్ట్ ఆడేవాడు దాన్ని భరించగలడు. క్షణాల్లో దెబ్బ వేయాల్సిన పాత్రల్లో చెయ్యి ఒకటి అనుకుంటే తెర మీద జరిగేది ఆలస్యమవుతుంది. మాలో నలుగురం ఇక్కడే ఉన్నాం కాబట్టి సర్వర్ మాకు దగ్గరగా ఉండేదే పెట్టుకుని, ఆలస్యాన్ని అతనే భరించాలని తీర్మానించాం. వార్డు పెట్టడానికి పింగ్ అడ్డు కాదని అతనే అన్నాడు.

తరువాత గంటల సంగతి. వేసవిలో జర్మనీ మనకన్నా మూడున్నర గంటలు వెనుక ఉంటుంది, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడ మార్చి ఆఖరి ఆదివారం గడియారాన్ని ముందుకు జరిపి, అక్టోబరు ఆఖరి ఆదివారం వెనక్కి జరుపుతారు. మన శనివారం రాత్రి పది గంటలు అక్కడ వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఐదున్నర. రెండూ అతనికి వీలైన వేళలే కాబట్టి ఏడాది పొడవునా మన పది గంటలనే స్థిరంగా పెట్టుకున్నాం. సభలో నేను ఇచ్చిన మాట "శనివారం రాత్రి పది గంటలకు, నెలకు రెండుసార్లు" అన్నది. ఆ కచ్చితత్వానికే జనం నవ్వారు.

మొత్తం ప్రసంగం ఎలా ఉంటుందో ఒకసారి చూపించగలరా?

కన్నడ, ఇంగ్లీషు వాక్యాలు తీసేస్తే నేను చదివినది దాదాపు ఇదే.

"అందరికీ నమస్కారం. ఆంటీ, అంకుల్, మీ అబ్బాయి మా అందరికీ ఐదేళ్లుగా తెలుసు. అందులో మొదటి ఏడాది మాకు అతని పేరు తెలియదు. అతను మాకు పప్పుచారుగా పరిచయం. ఆటలో ఆ పేరు పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో ఇవాళ మీరే అడగాలి.

మేము ఆడే ఆటలో ఊరంతా చీకటి. ఒకడు ముందుగా వెళ్లి దీపం పెట్టి వస్తే, మిగిలిన నలుగురం ఆ వెలుతురులో నడుస్తాం. ఆ దీపాన్ని వార్డు అంటారు. ఐదేళ్లుగా మా జట్టులో ఆ పని మీ అబ్బాయిదే. మేము ఎవరమూ అతనికి ఆ పని అప్పగించలేదు. మొదటి రోజు ఎవరూ ముందుకు రాకపోతే తను వెళ్లాడు, అప్పటి నుంచి వెళ్తూనే ఉన్నాడు.

ఒక రాత్రి మేము ఓడిపోయే స్థితిలో ఉన్నాం. వదిలేద్దామని ముగ్గురం అన్నాం, అందులో నేనూ ఒకణ్ని. ఇతను ఏమీ మాట్లాడకుండా వెళ్లి, ఒక గుహ బయట దీపం పెట్టి వచ్చాడు. కాసేపటికి అవతలివాళ్లు ఐదుగురూ ఆ గుహలోకి వెళ్లడం మాకు కనిపించింది. ఇతను ఒక్కడే వాళ్లకు ఎదురు వెళ్లి, మాతో 'నన్ను వదిలేయండి, మీరు వెళ్లి కోట కొట్టండి' అన్నాడు. మేము వెళ్లాం, గెలిచాం. ఆట అయ్యాక తెర మీద ఒక పట్టిక వస్తుంది. అందులో మా పేర్ల ఎదురుగా పెద్ద పెద్ద అంకెలు ఉన్నాయి. ఇతని పేరు ఎదురుగా ఒకటి, పద్నాలుగు, ఇరవై రెండు. అవతలివాళ్లలో ఒక్కణ్ని పడగొట్టాడు. తను పద్నాలుగుసార్లు పడి, పద్నాలుగుసార్లూ లేచాడు. మాకు ఇరవై రెండుసార్లు తోడు నిలిచాడు. ఆ పట్టిక అచ్చు వేయించి తెచ్చాను, ఆంటీకి ఇస్తున్నాను.

అంకుల్, రాత్రి పదకొండింటికి మీరు ఫోన్ చేసినప్పుడు అతను 'నిద్రపోతున్నా నాన్నా' అని ఉంటే, ఆ తప్పు మాదే. మీరు ఫోన్ చేసినప్పుడల్లా అతను ఆట మధ్యలో పాజ్ చేసి మీతో మాట్లాడేవాడు. తొమ్మిది మంది ఎదురుచూసేవారు, అందులో ఐదుగురు మమ్మల్ని తిట్టేవారు. అయినా ఒక్కసారి కూడా మీ ఫోన్ కట్ చేయలేదు.

మామా, మ్యూనిక్‌లో నీకు కొత్త జట్టు దొరుకుతుంది. వాళ్ల కోసం కూడా వార్డులు పెడతావని మాకు తెలుసు. మాకు మాత్రం శనివారం రాత్రి పది గంటలు, నెలకు రెండుసార్లు. అక్కడ వేసవిలో ఆరున్నర, చలికాలంలో ఐదున్నర, లెక్క వేసి పెట్టాం. నువ్వు రాకపోతే ఆంటీకి ఫోన్ చేస్తాం.

ఒక వార్డు ఆరు నిమిషాలు నిలుస్తుంది. అది ఆరేలోపు నేను కూర్చుంటున్నాను. క్షేమంగా వెళ్లి రా."

ఇందులో పాజ్ సంగతి రహస్యం కాదా?

ఆ వాక్యం గురించి నేనూ చాలా సేపు ఆలోచించాను. చివరికి ముందు రోజు మిత్రుడికి ఫోన్ చేసి, ఆ ఒక్క వాక్యం చదివి వినిపించి, అతను సరేనన్నాకే ఉంచాను. మిగిలిన ప్రసంగం అతనికి వినిపించలేదు. అనుమానం ఉన్న వాక్యాన్ని మాత్రమే అడగండి, మొత్తం చూపిస్తే సభలో అతని ముఖం మీద ఏ భావమూ ఉండదు.

చూసి చదవాలా, చూడకుండా చెప్పాలా?

కాగితం చేతిలో ఉంచుకోండి. ఫోన్‌లో చూసి చదవవద్దు. వరుస మధ్యలో నోటిఫికేషన్ వస్తుంది, తెర ఆరిపోతుంది, పైగా వెనుక నుంచి చూసేవాళ్లకు మీరు మెసేజ్ చదువుకుంటున్నట్లు ఉంటుంది. మొదటి రెండు వాక్యాలూ చివరి రెండు వాక్యాలూ మాత్రం కంఠస్థం చేయండి.

గొంతు పూడుకుపోతే ఏం చేయాలి?

ఎక్కడ పూడుకుంటుందో ఇంట్లో పైకి చదివినప్పుడే తెలుస్తుంది. నాకు "అయినా ఒక్కసారి కూడా" అన్న చోట మూడుసార్లు ఆగిపోయింది. అందుకే దానికి ముందు "ఐదుగురు మమ్మల్ని తిట్టేవారు" అన్న నవ్వు వాక్యం పెట్టుకున్నాను. జనం నవ్వే ఆ రెండు క్షణాల్లో ఊపిరి పీల్చుకుని, ఒక గుక్క మంచినీళ్లు తాగాను. అయినా పూడుకుంటే ఆగి నిలబడండి. క్షమాపణలు చెప్పకండి.

సభలో ఎప్పుడు మాట్లాడాలి?

ఆకు వేసే ముందు. ఆకులో అన్నం వడ్డించాక ఎవరూ వినరు, వినకూడదు కూడా. అయితే బెంగళూరులో ఏడు గంటలకు పిలిస్తే సిల్క్ బోర్డు వైపు నుంచి వచ్చేవాళ్లు ఎనిమిదికి గానీ చేరరు. అందుకని స్టార్టర్లు ముందుగా ఇప్పించి, ఎనిమిదింపావుకు మాట్లాడి, ఎనిమిదిన్నరకు భోజనాలు అని భోజనశాల వాళ్లతో ముందే అనుకున్నాం. ఆ ఐదు నిమిషాలు వడ్డనవాళ్లను గదిలోకి రావద్దని చెప్పడం మరిచిపోకండి. మా రెండో సభలో సరిగ్గా వీడ్కోలు మాట దగ్గర ఎవరో "సార్, గోంగూర మటన్ ఎవరికి?" అని అడిగారు.

వేరే ఊళ్లలో ఉన్న జట్టువాళ్లను డిస్కార్డ్‌లో కలపవచ్చా?

కలపవచ్చు గానీ వాళ్ల చేత మాట్లాడించడం సభలో అంత బాగా కుదరదు. ఫోన్ స్పీకరు మైకుకు దగ్గరగా ఉంటే కీచుమని మోత వస్తుంది. భోజనశాల వైఫై మధ్యలో తెగుతుంది. మేము హైదరాబాదులో ఒకరి నుంచీ, సింగపూర్‌లో ఒకరి నుంచీ ముప్పై సెకన్ల ఆడియో ముందే తెప్పించి, ప్రసంగం అయ్యాక వినిపించాం. ప్రసంగం జరుగుతున్నంతసేపూ వాళ్లు కాల్‌లో ఉండి విన్నారు, మైకులు మాత్రం మ్యూట్‌లో పెట్టించాం.

ప్రసంగంతో పాటు ఏం ఇవ్వాలి?

బరువు లేనిది ఏదైనా ఇవ్వండి. అతని సూట్‌కేసులో అప్పటికే కందిపొడి, ఆవకాయ, ప్రెషర్ కుక్కర్ చేరి ఉంటాయి. మెకానికల్ కీబోర్డు ఇద్దామని మాలో ఒకరు అన్నారు, దానికోసం ఆవకాయ డబ్బా తీయాల్సి వస్తుందని తెలిశాక మానుకున్నారు. మేము ఆ పట్టికను రెండు ప్రతులు అచ్చు వేయించి, ఒకటి అమ్మగారికీ ఒకటి అతనికీ ఇచ్చాం.

ప్రసంగం అయ్యాక అతన్ని మాట్లాడమని బలవంతం చేయవచ్చా?

అతనికి ముందుగా చెప్పి ఉంచితేనే. మా మిత్రుడు లేచి, మైకు తీసుకుని, రెండు నిమిషాలు ఏమీ అనలేకపోయాడు. చివరికి "జీజీ" అని కూర్చున్నాడు. వాళ్ల అమ్మగారు నావైపు వంగి అది ఏమిటని అడిగారు. ఆట బాగా జరిగిందని అవతలివాళ్లకు చెప్పే మాట అని చెప్పాను. ఆవిడ ఆ పట్టికను మడతపెట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు.